స్క్రీన్‌షాట్ చూసి ‘పెయిడ్’ ముద్ర వేశాను, డబ్బు రాలేదు. ఏం చేయాలి?

ప్రశ్న: ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. పదకొండు రోజుల క్రితం తెలిసిన కస్టమరే వచ్చి 18,400 రూపాయల ఇన్వర్టర్ బ్యాటరీ తీసుకుని, ఫోన్‌లో ‘పేమెంట్ సక్సెస్’ అని చూపించాడు. సౌండ్ బాక్స్ పలకలేదు. నెట్‌వర్క్ లేదేమో అనుకున్నాను. ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపించుకుని, బిల్లు మీద పెయిడ్ ముద్ర కొట్టి బ్యాటరీ ఇచ్చేశాను. ఇప్పటికీ డబ్బు రాలేదు. అడిగితే ‘నా అకౌంట్లో కట్ అయింది, సర్వర్లో ఇరుక్కుంది’ అంటున్నాడు. వాళ్ల నాన్న, మా నాన్న ప్రాణస్నేహితులు. నమ్మి మోసపోయానని నిద్ర పట్టడం లేదు. మా దగ్గరున్న బిల్లు కాపీలో పెయిడ్ కొట్టేసి బాకీ అని రాసుకోమని అకౌంటెంటు అంటున్నాడు. అతని ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమని పక్క షాపులవాళ్లు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. ఎందుకో తరువాత చెబుతాను. ముందు మీ కేసు దేని మీద నిలబడి ఉందో చూడండి. తండ్రుల స్నేహం గురించి రాశారు, నిద్ర పట్టని రాత్రుల గురించి రాశారు. ఆ స్క్రీన్‌షాట్‌లో ఉండే యూటీఆర్, అంటే ఒక్కో చెల్లింపుకు గుర్తుగా విడిగా వచ్చే పన్నెండు అంకెల నంబరు గురించి మాత్రం ఒక్క మాట రాయలేదు. అతను మోసగాడా, మీకు బాకీపడిన మామూలు కొనుగోలుదారా, అసలు తప్పు మీ లెక్కల్లోనే ఉందా అన్నది తేల్చేది ఆ నంబరే.

‘సక్సెస్’ అన్న తెర అతని ఫోన్‌లో ఏం కనిపించిందో చెబుతుంది, అంతే. అచ్చం అలాంటి తెరనే టిక్కు గుర్తుతో, మీ షాపు పేరుతో, చప్పుడుతో సహా చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పాత స్క్రీన్‌షాట్‌లో తేదీ, మొత్తం మార్చి చూపించేవాళ్లూ ఉన్నారు. డబ్బు వచ్చిందనడానికి సాక్ష్యం ఎప్పుడూ మీ వైపే ఉంటుంది, ఇచ్చినవాడి ఫోన్‌లో ఉండదు.

ఈరోజే వాట్సాప్‌లోని ఆ బొమ్మ తెరిచి నంబరు కాగితం మీద రాసుకోండి. మీ క్యూఆర్ ఏదైనా పేమెంట్ కంపెనీ ఇచ్చినదైతే బ్యాంకు పాస్‌బుక్ చూసి లాభం లేకపోవచ్చు. రోజంతా వచ్చిన డబ్బును కలిపి ఒకే మొత్తంగా వాళ్లు మీ ఖాతాలో వేస్తుంటే, అందులో 18,400 విడిగా కనిపించదు. మర్చంట్ యాప్‌లో లావాదేవీల జాబితా తెరిచి, ఆ రోజు నుంచి ఇప్పటివరకు ఆ నంబరు ఉందేమో వెతకండి. కనపడకపోతే తేదీ, సమయం, మొత్తం, నంబరు రాసి ఆ కంపెనీకి, మీ బ్యాంకు శాఖకు లిఖితపూర్వకంగా ఇచ్చి జవాబు కూడా రాతలోనే అడగండి. అవతలి వ్యక్తి ఖాతా వివరాలు మీకు ఇవ్వరు. కానీ మీ ఖాతాకు అలాంటి జమ వచ్చిందో లేదో చెప్పాలి.

ఆ నంబరుతో డబ్బు వచ్చే ఉందని తేలితే అతనికి క్షమాపణ చెప్పి ఈ సంగతి ఇంతటితో వదిలేయండి. నేను చూసిన ఇలాంటి గొడవల్లో అదీ జరిగింది. అదే మొత్తం ఇంకో కస్టమర్ పేరున రాసుకుని నెల రోజులు పోట్లాడినవాళ్లున్నారు. డబ్బు బయలుదేరి మధ్యలో ఆగిపోయిందని తేలితే అది నేరం కాదు, బాకీ. అలాంటి నంబరే లేదనో, అది వేరే రోజు వేరే ఎవరికో వెళ్లిన చెల్లింపుదనో తేలితే మాత్రం అది పోలీసు కేసు.

‘సర్వర్లో ఇరుక్కుంది’ అన్న మాటకు కాలం చెల్లింది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారికి నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజుల్లోగా అది కస్టమర్ ఖాతాకు తనంతట తానే తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున అతనికి పరిహారం. షాపు క్యూఆర్ కాకుండా మీ సొంత ఖాతాకు పంపిన డబ్బైతే గడువు ఒక్క రోజే. మీ దగ్గర పదకొండు రోజులు గడిచాయి. నిజంగా కట్ అయి ఉంటే ఈపాటికి ఆ డబ్బు మీ దగ్గరో అతని దగ్గరో ఉండాలి. అందుకని అతన్ని అడగాల్సింది ‘డబ్బు ఎప్పుడిస్తావు’ అని కాదు. ‘ఆ రోజు నుంచి వారం రోజుల మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించండి’ అని వాట్సాప్‌లో, మర్యాదగా, ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. నిజంగా కట్ అయినవాడి స్టేట్‌మెంట్‌లో కట్ అయిన వరుసా ఉంటుంది, తిరిగొచ్చిన వరుసా ఉంటుంది. అతను చూపించకపోతే ఆ మెసేజే రేపు మీకు పనికొస్తుంది.

ఇంకో మాట. ‘పోనీ నెలాఖరుకు ఇవ్వు’ అని ఎక్కడా రాయకండి. మోసం అనాలంటే సరుకు తీసుకునే క్షణంలోనే అతనికి చెడ్డ ఉద్దేశం ఉందని చూపించాలి. మీరే గడువు ఇచ్చినట్టు రాస్తే, అరువు మీద ఇచ్చిన సరుకని అతని వకీలు వాదిస్తాడు. ఇది సివిల్ వ్యవహారమని స్టేషన్‌లోనూ పంపించేస్తారు.

ఇక మీ అజాగ్రత్త సంగతి. డబ్బు చేరిందో లేదో చూడకుండా పెయిడ్ ముద్ర కొట్టడం మీకు మీరే వ్యతిరేక సాక్ష్యం రాసిచ్చుకోవడం. మామూలుగా బాకీ కేసులో సరుకు ఇచ్చానని మీరు రుజువు చేస్తే చాలు, డబ్బు కట్టానని రుజువు చేసుకోవాల్సిన భారం కొన్నవాడిది. మీ ముద్ర వల్ల అతనికి ఆ భారం తేలికైంది. అయినా రసీదే ఆఖరి మాట కాదు. స్క్రీన్‌షాట్ నమ్మి ముద్ర వేశానని, ఆ చెల్లింపు నా ఖాతాకు రాలేదని చూపి దాన్ని పడగొట్టవచ్చు. అందుకు బ్యాంకు ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ కావాలి, డబ్బు కలిపి వేసే కంపెనీ క్యూఆర్ అయితే ఆ కంపెనీ లావాదేవీల జాబితా కూడా కావాలి. ఆ ఒక్క రోజుది కాకుండా ఇప్పటివరకు అన్ని రోజులదీ తీసుకోండి. రానిది రాలేదని చూపాలంటే మొత్తం చూపాల్సిందే.

ఇప్పుడు అకౌంటెంటు సలహా. దయచేసి ఆ కాపీ మీద కలం పెట్టకండి. కోర్టులో చూపించాలన్న ఉద్దేశంతో లెక్కల పుస్తకంలో తప్పుడు రాత రాస్తే అది దొంగ సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. అసలు బిల్లు కొన్నవాడి చేతిలో ఉందని మరిచిపోయారా? రెండు కాపీలు పక్కపక్కన పెట్టిన రోజున మీరే ముద్దాయి అవుతారు. బిల్లును ఉన్నదున్నట్టు ఉంచి, ‘ఫలానా తేదీ బిల్లు సొమ్ము ఖాతాలో జమ కాలేదని ఈరోజు గమనించాను’ అని ఈరోజు తేదీతోనే విడిగా రాసుకోండి. ఫొటో గ్రూపుల్లో పెట్టే ఆలోచనా మానుకోండి. డబ్బు అతనికి తిరిగి వెళ్లిందని, కావాలని మోసం చేయలేదని రేపు తేలితే పరువు నష్టం కేసు మీ మీదే పడుతుంది.

నంబరు దొంగదని తేలితే ఆలస్యం చేయకుండా మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. చాలామంది ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. ఆ నంబరు ముఖ్యంగా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతున్న డబ్బును మధ్యలో ఆపించడానికి. మీ ఖాతా నుంచి రూపాయి కూడా పోలేదు, పోయింది బ్యాటరీ. ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత నుంచి, మోసం చేసి సరుకు తీసుకున్నందుకు 318(4), మోసానికి ఎలక్ట్రానిక్ రికార్డు ఫోర్జరీ చేసినందుకు 336(3), దాన్ని నిజమైనదిగా వాడినందుకు 340(2) సెక్షన్లు ఉదహరించండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి, మీది కమిషనరేట్ అయితే కమిషనర్‌కు, పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకు కేసు పెట్టడానికి కాలపరిమితి లేదు. డబ్బు కోసం వేసే సివిల్ దావాకు సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు ఉంది. చట్టం ఇచ్చిన గడువు పెద్దదే. మీకు అసలైన గడువు సీసీ కెమెరా డీవీఆర్‌ది. అది నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కించుకుంటుంది. మీ దాంట్లో ఎన్ని రోజులు నిలుస్తాయో మీకే తెలియాలి, పదకొండు రోజులు ఊరికే పోగొట్టుకున్నారు. ఈ రాత్రికే ఆ దృశ్యం పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. డీవీఆర్‌ను అలాగే ఉంచండి. స్క్రీన్‌షాట్ వచ్చిన ఫోన్‌ను అమ్మడం, ఫార్మాట్ చేయడం, ఆ చాట్ చెరిపేయడం చేయకండి. వీటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) ప్రకారం ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు పరికరం చేతిలో ఉంటే ఆ పని సులువు. బ్యాటరీ సీరియల్ నంబరు ఉన్న వారంటీ కార్డు వివరాలు కూడా జత చేయండి. సరుకు అతనికే ఇచ్చారనడానికి అంతకన్నా గట్టి కాగితం మీ దగ్గర లేదు.

అది వట్టి బాకీ అని తేలితే పదిహేను రోజుల గడువుతో వకీలు నోటీసు ఇప్పించండి. 18,400 కోసం దావా దాకా పోవాల్సిన పని లేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి కోర్టు ఫీజు లేదు. పెద్దల స్నేహం ఉపయోగపడేది అక్కడే.

రేపటి నుంచి కౌంటర్ దగ్గర కస్టమర్ ఫోన్ చూడటం మానేయండి. సౌండ్ బాక్స్ పలికితే సరే, పలకకపోతే మర్చంట్ యాప్‌ను కిందికి లాగి రిఫ్రెష్ చేసి, మొత్తం, సమయం, యూటీఆర్ చివరి నాలుగు అంకెలు అతని తెర మీదివాటితో సరిపోయాయో చూసుకోండి. రద్దీలో ఒకే మొత్తం ఇద్దరు కడితే బాక్స్ పలికింది ఎవరి డబ్బో ఆ నాలుగు అంకెలే చెబుతాయి. ‘మీ ఖాతాలో జమ అయింది’ అని పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి మెసేజ్ వస్తే అది బ్యాంకు పంపింది కాదు. యాప్‌లో రాకపోతే సరుకు కౌంటర్ లోపలే ఉంచి, ‘రాగానే తీసుకెళ్లండి’ అనండి. అందుకు మొహమాటపడక్కర్లేదు. వేరే ఒప్పందం లేనప్పుడు సరుకు, డబ్బు చేతులు మారేది ఒకేసారని వస్తు విక్రయ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. మీరు ఆపగలిగేది సరుకునే, మనిషిని కాదు. అతని ఫోన్ లాక్కోవడం, షట్టర్ దించి కూర్చోబెట్టడం అక్రమ నిర్బంధం కిందికి వస్తాయి. అతని పేరు, ఫోన్ నంబరు, యూటీఆర్ రాసుకుని, తీసి పెట్టిన సరుకు మీద ఆ చీటీ అంటించి పంపించండి.