6,500 కట్టే ముందు ప్రొఫైల్‌లో రెండు అంకెలు చూడండి

"నాకు 28. హైదరాబాద్‌లో ప్రొడక్షన్ సపోర్ట్‌లో చేస్తున్నా, చేతికి 38 వేలు వస్తుంది. నాలుగు నెలలుగా నౌకరీ సైట్‌లో అప్లై చేస్తూనే ఉన్నా, కాల్స్ అస్సలు రావట్లేదు. 50 వేల దాకా వస్తే మారిపోదామని. మొన్న ఆ సైట్ వాళ్లమని ఫోన్ చేసి, రెజ్యూమె రాసిపెట్టి మూడు నెలలు ప్రొఫైల్‌ని పైన చూపిస్తాం, 6,500 అన్నారు, కార్డు మీద ఈఎంఐ కూడా ఉందట. ఫ్రెండేమో లింక్డిన్ ప్రీమియం తీసుకోమంటున్నాడు. నా నోటీస్ పీరియడ్ 90 రోజులు. రెండూ తీసుకోమంటారా?"

ప్యాకేజీ వద్దు. లింక్డిన్‌ది ఒక నెల ఫ్రీ ట్రయల్ వాడుకోండి, అది కూడా ఇప్పుడే కాదు.

ముందు ఆ సైట్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కడ వృథా అవుతుందో అక్కడే తెలుస్తుంది. నౌకరీకి అసలు ఆదాయం మీలాంటి వాళ్ల నుంచి కాదు, కంపెనీలూ కన్సల్టెన్సీలూ రెజ్యూమెల డేటాబేస్ వాడుకోవడానికి కట్టే డబ్బు నుంచి. ఆ డేటాబేస్ పేరు రెస్‌డెక్స్. రిక్రూటర్ అందులో స్కిల్ పేరు కొడతాడు, అనుభవం, ఊరు, జీతం పెడతాడు, ఈమధ్య సైట్‌లోకి వచ్చినవాళ్లనే చూపించమంటాడు, ఆపైన నోటీస్ పీరియడ్ ఫిల్టర్ పెడతాడు. అర్జెంటుగా మనిషి కావాల్సినవాడు పదిహేను రోజులో నెలో పెట్టాడంటే, 90 రోజులవాళ్లు ఆ లిస్టులోనే ఉండరు. డబ్బు కడితే మీ ప్రొఫైల్ లిస్టులో పైకి రావచ్చు. కానీ ఫిల్టర్‌లో పోయిన ప్రొఫైల్‌ని పైకి తేవడానికి లిస్టులో ఉంటేగా!

కాబట్టి ఇవాళ రాత్రి లాగిన్ అయి మీ ప్రొఫైల్ పనితీరు చూపించే చోట రెండు అంకెలు చూడండి. ఒకటి Search appearances, అంటే రిక్రూటర్ల వెతుకులాటలో మీ పేరు ఎన్నిసార్లు కనబడిందో. రెండోది Recruiter actions, అంటే కనబడ్డాక వాళ్లు నిజంగా ఏమైనా చేశారా అని. మొదటిది తక్కువగా ఉంటే వాళ్లు వెతికే మాటలు మీ ప్రొఫైల్‌లో లేవనో, నోటీస్ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతున్నారనో అర్థం, మాటల సంగతైతే మందు ఉచితమే. మొదటిది బాగానే ఉండి రెండోది సున్నా దగ్గరే ఆగితే మనిషి కనబడుతున్నాడు గానీ ఎవరూ తీసుకోవట్లేదన్నమాట, అప్పుడు ఇంకా ఎక్కువమందికి కనబడటానికి డబ్బు కట్టి ఏం లాభం?

ప్రొఫైల్ సరిచేయడమంటే పెద్ద విద్యేం కాదు. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో చాలామంది "మంచి సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోసం చూస్తున్నాను" అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ వాక్యం పెడతారు. ఆ వాక్యం కొట్టి ఏ రిక్రూటరూ వెతకడు. మీ లైన్‌లో వాళ్లు వెతికేది ప్రొడక్షన్ సపోర్ట్, ఎల్2, ఎస్‌క్యూఎల్, యునిక్స్, కంట్రోల్-ఎం, సర్వీస్‌నౌ. వీటిలో మీరు నిజంగా వాడినవే హెడ్‌లైన్‌లోనూ స్కిల్స్‌లోనూ పెట్టండి. "టికెట్లు చూశాను" అని ఊరుకోకుండా, ఏ అప్లికేషన్, ఏ షిఫ్ట్, రాత్రి బ్యాచ్ జాబ్ ఫెయిలైతే మీరు ఏం చేసేవారు అన్నది రెండు ముక్కల్లో రాయండి. ఇది డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్లకి తెలియదు, వాళ్లూ ఫోన్ చేసి మిమ్మల్నే అడగాలి. తర్వాత రోజుకోసారి లాగిన్ అవ్వండి, ఏదో ఒకటి అప్‌డేట్ చేస్తూ ఉండండి. రెండు మూడు వారాల్లో ఆ అంకెలు కదిలాయో లేదో తెలిసిపోతుంది.

ఇక లెక్క. 6,500 అంటే జీఎస్టీతోనా, జీఎస్టీ కాకుండానా అని అడిగారా? 18 శాతం వేస్తే 7,670 అవుతుంది. ఫోన్‌లో వాళ్లు చెప్పే వాదన ఎలా ఉంటుందో నాకు తెలుసు: "సర్, జీతం 12 వేలు పెరుగుతుంది, ఒక్క నెల ముందు ఉద్యోగం వచ్చినా డబ్బు తిరిగొచ్చినట్టే కదా." వినడానికి బాగుంటుంది. కానీ ఆ నెల ముందు రావడమన్నది ఖాయం కాదు, అవకాశం మాత్రమే. ప్యాకేజీ వల్ల ఉద్యోగం నెల ముందు వచ్చే అవకాశం పదిలో ఒకటి అనుకుంటే, దాని విలువ మీకు 1,200 రూపాయలు. 7,670 గిట్టుబాటు కావాలంటే ఆ అవకాశం పదిలో ఆరుకు పైన ఉండాలి. నోటీస్ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతున్న ప్రొఫైల్‌కి అంత అవకాశం నేనైతే ఇవ్వను. పైగా ఈ ఖర్చుని జీతం ఆదాయంలోంచి తీసేసుకుని పన్ను తగ్గించుకోవడం కూడా కుదరదు, స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ అందరికీ వచ్చేదే.

అదే 7,670ని పక్కన పెట్టి, నోటీస్ కొనుక్కోవచ్చా, అంటే మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లిపోవచ్చా అని మీ హెచ్ఆర్‌ని అడగండి. ఆఫర్ లెటర్‌లో ఆ రూలు ఎలా రాశారో చూడండి, కొన్ని కంపెనీలు బేసిక్ మీద లెక్క కడతాయి, కొన్ని గ్రాస్ మీద. కొత్త కంపెనీ ఆ డబ్బు భరించే సందర్భాలూ ఉన్నాయి. కొనుక్కోవచ్చని రాతపూర్వకంగా తేలితే, మాట్లాడే ప్రతి రిక్రూటర్‌కీ "బైఅవుట్ ఉంది, 45 రోజుల్లో వస్తాను" అని చెప్పగలరు. మీ కేసులో ఏ ప్యాకేజీ కన్నా ఆ ఒక్క మాటకే బలం ఎక్కువ.

నేను ప్యాకేజీ తీసుకోమనే వాళ్లూ ఉన్నారు. ఉద్యోగం పోయి రేపే చేరగలిగినవాడికి, ప్రొఫైల్ అంతా సరిగ్గా ఉండి, కాల్స్ వస్తూ, ఇంకాస్త వేగం కావాలంటే, చేతిలో ఆరు నెలల ఖర్చు ఉంటే, ఒక నెల ప్రయత్నించొచ్చు. మూడు నెలలు, సంవత్సరం అంటూ ఒకేసారి కట్టడం మాత్రం వాళ్లకైనా వద్దంటాను.

లింక్డిన్ సంగతి వేరే. ప్రీమియం కెరీర్‌లో మీకు పనికొచ్చేది ఇన్‌మెయిల్, అంటే పరిచయం లేనివాళ్లకి నేరుగా మెసేజ్ పెట్టడం. నెలకి ఐదే ఇస్తారు, 90 రోజుల్లోపు అవతలివాళ్లు జవాబిస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తుంది. ఐదంటే ఐదు, కాబట్టి ఎవరికి పంపాలో తెలియకుండా ట్రయల్ మొదలుపెడితే నెల వృథా. ముందు ప్రొఫైల్ సరిచేసుకోండి, నోటీస్ సంగతి తేల్చుకోండి, సపోర్ట్ టీమ్‌లున్న పదిహేను కంపెనీల లిస్ట్ రాసుకుని, ఆ టీమ్ మేనేజర్లెవరో ఉచితంగానే వెతికిపెట్టుకోండి. మన కాలేజీవాళ్లు, పాత కొలీగ్స్ ఉన్న చోట ఇన్‌మెయిల్ ఎందుకు, మామూలు కనెక్షన్ రిక్వెస్ట్ చాలు. ఎవరూ లేని చోటికే ఆ ఐదూ వాడండి. "నా ప్రొఫైల్ ఎవరు చూశారు" అన్న లిస్ట్ చూడటం సరదాగానే ఉంటుంది గానీ దానికి నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు.

ట్రయల్ అయిపోవడానికి కనీసం ఒక రోజు ముందే క్యాన్సిల్ చేయాలి, లేకపోతే డబ్బు కట్ అవుతుంది. రెండు రోజుల ముందుకి అలారం పెట్టుకోండి. ఐఫోన్ యాప్‌లోంచి తీసుకుంటే ఆపిల్ సెట్టింగ్స్‌లో ఆపాలి, లింక్డిన్ సైట్‌లో కుదరదు. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే డబ్బుకి 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, అది మెసేజ్‌ల గుంపులో పడి కనబడకపోతే మీదే నష్టం.

ఈఎంఐ విషయం: ఉద్యోగం వెతకడానికి అప్పు చేయొద్దు. ఆ ఫోన్ మళ్లీ వస్తే, రాబోయే మూడు నెలల్లో ఎన్ని కాల్స్ వస్తాయో మెయిల్‌లో రాసివ్వమనండి. రాసివ్వరు. ఒకవేళ "ఉద్యోగం గ్యారంటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందు పంపండి" అంటే అది ఏ సైట్ వాళ్లూ కాదు, మోసగాళ్లు. డబ్బు పంపకండి, ఒకవేళ పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.