పగుళ్లు రెండు కాళ్లకీ ఉన్నాయా?

చిరంజీవి సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మడమలు పగిలి నడుస్తుంటే మంట పుడుతోందనీ, యూరియా క్రీమ్ కొంటాననీ రాశావు. డిసెంబరు వచ్చిందంటే బెంగళూరులో నాకూ ఇదే బాధ. కొనుక్కో. కానీ ముందు రెండు పాదాలూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసుకో.

ఒట్టి పొడి చర్మమైతే పగుళ్లు సాధారణంగా రెండు మడమల అంచులకీ వస్తాయి. అక్కడ చర్మం దళసరెక్కి, బరువు పడ్డప్పుడు సాగలేక చీలుతుంది. దీనికి యూరియా బాగా పనిచేస్తుంది. ట్యూబు మీద శాతం చూడు. 10 ఉంటే తేమ నిలుపుతుంది. 20, 25 ఉంటే దళసరి చర్మాన్ని మెత్తబరిచి ఊడగొడుతుంది కూడా. నీకు ఈ రెండోది కావాలి. రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, కాస్త తడి ఉండగానే రాసి నూలు సాక్సులు వేసుకో. నెత్తురొచ్చే చీలికలో మాత్రం పెట్టకు, భగ్గుమంటుంది. అది మానేదాకా అక్కడ వాజలీన్ చాలు. బ్లేడుతో గీకడం వద్దు.

ఇక మీ పెదనాన్న సంగతి. ఆయనకు కుడి కాలే పగిలేది. షూ ఒరుసుకుంటోందనుకుని 3 నెలలు యూరియా రాయించాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలు. మధ్యలో మందుల షాపులో అడిగితే ఏదో ఆయింట్‌మెంట్ ఇచ్చారు. వారంలో ఎరుపు పోయింది, ఆపగానే రెట్టింపై కూర్చుంది. తర్వాత చూస్తే అందులో స్టెరాయిడ్ ఉంది. ఓ రోజు ఆయన గోళ్లు తీస్తూ గమనించాను: అరికాలి గీతల్లో పిండి చల్లినట్టు తెల్లటి పొట్టు, చిటికెన వేలి సందులో నానిన చర్మం, పసుపెక్కి పొడిపొడిగా రాలుతున్న బొటనవేలి గోరు. దురద పెద్దగా లేదు, అదే మమ్మల్ని మోసం చేసింది. ఇన్నేళ్లు నర్సుగా చేసి ఇంట్లో ఫంగస్‌ను పోల్చుకోలేకపోయాను!

చర్మ డాక్టరు కొంచెం పొట్టు గీకి, స్లైడు మీద మందు చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ పోగులు కనిపించాయి. గోరుకూ పాకింది కాబట్టి లివర్ పరీక్ష చేయించి, ఫంగస్‌ను చంపే టెర్బినఫిన్ మాత్రలు రాశారు. దళసరి చర్మం పల్చబడాలని యూరియా కూడా కొనసాగించమన్నారు. అరికాలు నెల రోజుల్లో బాగుపడింది. గోరు పూర్తిగా కొత్తది రావడానికి మాత్రం ఏడాది దాటింది.

నీకూ ఇలాంటి గుర్తులుంటే, పరీక్షకు ముందు ఫంగస్ క్రీములేవీ రాయకు. ఫంగస్ ఉన్నా లేదని రావచ్చు. గుర్తులేవీ లేకపోతే యూరియా 4 వారాలు వదలకుండా రాసి చూడు. మీ అమ్మకు షుగర్ కదా, ఆవిడ కాలు పగిలితే ఇంటి వైద్యం వద్దు, చిన్న చీలికైనా డాక్టరుకే చూపించండి.

ఆదివారం మారతహళ్లి నుంచి బస్సెక్కి రా, నేనూ చూస్తాను. గోళ్ల పాలిష్ తీసేసి రా, దాని కింద ఏముందో కనపడదు.

మీ పెద్దమ్మ