వంశశాపమని భయపెట్టి, మందులు మాన్పించారు

"మాది కవిటి మండలంలో ఒక పల్లె. మా మామగారు, తర్వాత మా పెద్దబావగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇప్పుడు మా ఆయనకి (41 ఏళ్లు) క్రియాటినిన్ 3.4 ఉందన్నారు. మా అత్త ఒక స్వామిని ఇంటికి తెచ్చింది. మా వంశానికి నాగశాపం ఉందని, దానికితోడు పక్కింటి ముసలమ్మ చిల్లంగి పెట్టిందని చెప్పి, పెరట్లోంచి మేకులు గుచ్చిన బొమ్మ తీసి చూపించాడు. ఫోన్‌పేలో, చేతికి కలిపి ఇప్పటికి 45 వేలు ఇచ్చాం. ఆఖరి శాంతికి లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. 41 రోజులు ఇంగ్లీషు మందులు ముట్టకూడదట, రోజూ మంత్రించిన కొబ్బరినీళ్లు తాగాలట. మధ్యలో ఆపితే మా బాబుకి గండమట. మందులు మానేసి తొమ్మిది రోజులైంది. నా నానుతాడు తాకట్టు పెట్టమని అత్త పోరుతోంది. వద్దంటే 'నా కొడుకుని చంపుతావేటి' అని ఏడుస్తోంది. నేనేం చెయ్యాలి?"
— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

అమ్మా, శాపం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆ కొబ్బరినీళ్లు ఆపించండి. తోటల మధ్య బతికే మనకి కొబ్బరినీళ్లంటే అమృతమే, ఒంట్లో బాగోలేని ఎవరికైనా ముందు అవే ఇస్తాం. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. మామూలుగా అది మూత్రంలో పోతుంది. 41 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 3.4 అంటే కిడ్నీలు చేసే పనిలో సుమారు అయిదో వంతే మిగిలిందని లెక్క. అలాంటప్పుడు పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, గుండె లయ తప్పిస్తుంది. చాలాసార్లు ముందుగా ఏ సూచనా ఉండదు. రోజూ తాగుతున్న మనిషిని చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు.

మందుల విషయంలో ఒక జాగ్రత్త. తొమ్మిది రోజులు ఆపిన బిళ్లలన్నీ మీ అంతట మీరు ఒక్కసారి మళ్లీ మొదలుపెట్టకండి. కొన్ని బీపీ మందులు కూడా పొటాషియం పెంచుతాయి, అందుకని ముందు రక్తపరీక్ష కావాలి. రేపు పొద్దున్నే పాత చీటీలు, మందుల డబ్బాలు, స్వామి ఇచ్చిన పొడి ఏదైనా ఉంటే అది కూడా సంచిలో వేసుకుని పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లండి. 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ఆసుపత్రి అది, మీకు అందుబాటులో ఉన్నదే. బీపీ చూపించి, క్రియాటినిన్, పొటాషియం రెండూ చేయించండి. మందులు మానేసిన సంగతి, కొబ్బరినీళ్ల సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. ఉద్దానంలో పనిచేసే డాక్టర్లకి ఇలాంటివి కొత్త కాదు. దాచిపెడితే మాత్రం మందు మోతాదు తప్పుగా రాసే ప్రమాదం ఉంది. ఈలోగా ఆయనకి కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా పోయినా, గుండె దడ వచ్చినా, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక శాపం. ఒకే ఇంట్లో తండ్రి, పెద్దకొడుకు, ఇప్పుడు చిన్నకొడుకు అంటే ఎవరికైనా వంశానికేదో పట్టిందనిపిస్తుంది. మీ అత్తగారికి అలా అనిపించడంలో తప్పులేదు. అయితే మీ వీధిలో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. మీ వంశం కాని ఇళ్లలో ఎంతమందికి ఉంది? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు కులం చూడకుండా, ఇంటిపేరు చూడకుండా వస్తోంది. వేరే ఊళ్ల నుంచి కాపురానికొచ్చిన కోడళ్లకీ వస్తోంది. మీ వంశానికి పట్టిన శాపమైతే ఆ ఇళ్లకెందుకు వెళ్తుంది? తాగే నీరు, ఎండలో చెమట కారేలా తోటపని, సరిపడా నీళ్లు తాగకపోవడం, పురుగుమందులు, ఒళ్లునొప్పులకి వేసుకునే బిళ్లలు... వీటన్నిటి మీదా పరిశోధనలు జరిగాయి. ఇదే కారణమని ఒక్కదాన్ని తేల్చలేదు. మీ మామగారు, బావగారు, మీ ఆయన ఒకే నూతి నీళ్లు తాగారు, ఒకే తోటలో పనిచేశారు. రక్తసంబంధం వల్ల ఒంటితీరూ కలిసే ఉంటుంది. ముగ్గురికీ ఒకే జబ్బు రావడానికి ఇవే ఎక్కువ సరిపోయే కారణాలు. డాక్టర్లు ఇంకా పూర్తిగా తేల్చని చోటే ఇలాంటి స్వామి వచ్చి కూర్చుంటాడు. "వాళ్లకి తెలీదు, నాకు తెలుసు" అన్న ఒక్క మాటతో ఇల్లు అతని చేతిలోకి వెళ్లిపోతుంది.

మీ ఇంట్లో చావుల సంగతి అతనికెలా తెలిసిందని మీకు అనిపించి ఉంటుంది. కవిటి మండలంలో ఒక ఇంటి గడపలో నిలబడి "ఈ ఇంట్లో కిడ్నీ చావు ఉంది" అనడానికి దివ్యదృష్టి అక్కర్లేదు. మిగతాది స్వామిని మీ అత్తగారికి చూపించినవాళ్లే చెప్పి ఉండొచ్చు. బొమ్మ దగ్గర మాత్రం కొంచెం ఆగి గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ తవ్వాలో ఎవరు చూపించారు? గునపం ఎవరి చేతిలో ఉంది? మీ ఇంటి మనిషిని తవ్వనిచ్చారా? ముందురోజు గానీ, ఆ రాత్రి గానీ అతని మనిషి ఎవరైనా "దిశలు చూడాలి" అని పెరట్లో తిరిగాడా? సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఇసకనేలలో ఇనప మేకు ఒక్క వానాకాలం ఉంటే చాలు, తుప్పు పట్టి పెచ్చులు లేస్తుంది. గుడ్డ చివికిపోతుంది. ఏళ్ల కిందట పాతిపెట్టారన్న బొమ్మకి మేకులు మెరుస్తూ ఉంటే, గుడ్డ రంగు వెలవకుండా ఉంటే, అది పాతిపెట్టి ఎన్నాళ్లయిందో మీకే అర్థమవుతుంది. అలాంటివి చూపించిన వెంటనే కాల్చేయమనో, సముద్రంలో కలిపేయమనో తొందరపెట్టేది ఎవరూ తీరిగ్గా చూడకుండా ఉండడానికే.

41 రోజుల నియమం కూడా అలాంటిదే. ఇంట్లో ఎవరో ఒకరికి మైల వస్తుంది, ఎవరో చేప ముక్క తింటారు, చుట్టాలింట్లో ఒక చావు అవుతుంది. జబ్బు ముదిరితే "నియమం తప్పారు, మళ్లీ చేయాలి" అంటాడు. తప్పు మీ మీదికి, ఎక్కువగా కోడలి మీదికే వస్తుంది. ఒకవేళ నాలుగు రోజులు ఒళ్లు తేలికపడితే అది శాంతి ఫలితమంటాడు. పనిలోకి వెళ్లకుండా నీడపట్టున ఉన్నా, నొప్పిబిళ్లలు మానేసినా కొందరికి అలా కొంచెం తెరిపిగా ఉంటుంది. ఎటు తిరిగినా డబ్బు అతనికే చేరేలా కట్టిన లెక్క ఇది. మీ బాబుకి గండమన్న మాట మీరు మధ్యలో లేచి వెళ్లిపోకుండా వేసిన తాళం.

ఇప్పుడు మీ అత్తగారు. ఆవిడతో స్వామి దొంగ అని వాదనకి దిగకండి. భర్తని, కొడుకుని చేతుల మీదుగా సాగనంపిన మనిషి ఆవిడ. ఎందుకిలా అయిందో ఇన్నేళ్లలో ఎవరూ ఆవిడకి చెప్పలేదు, ఇతనొక్కడే జవాబు చెప్పాడు. ఆ జవాబు లాగేస్తే ఆవిడకి పట్టుకోవడానికేమీ మిగలదు. మంచి మాటతో మొదలుపెట్టండి: "అత్తా, పూజ వద్దని నేను అనడంలేదు. మామయ్యకి, బావగారికి శ్రీకూర్మం వెళ్లి పిండప్రదానం చేయిద్దాం. ఆదివారం అరసవల్లి వెళ్దాం. కానీ మందులు మానొద్దు, నగలు అమ్మొద్దు." మన జిల్లాలో పితృకార్యాలకి శ్రీకూర్మం, ఆరోగ్యానికి అరసవల్లి తరతరాలుగా ఉన్నవే. అక్కడ ఏ పూజారీ బీపీ బిళ్ల మానమనడు. ఇంకా ఏదైనా శాంతి కావాలంటే మీ ఊరి గుళ్లో మీకు తెలిసిన పంతులుగారి చేత చేయించుకోవచ్చు. ఆవిడ భక్తికి దారి వదిలి, భయానికి మాత్రం దారి మూయాలి.

మీ ఆయనతో వేరుగా, రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. అన్నగారిని డయాలసిస్ మంచం మీద చూసిన మనిషి ఆయన. స్వామి మాట నమ్మడం కంటే డయాలసిస్ భయమే ఎక్కువై ఉండొచ్చు. "శాపం తీరితే ఆ గది ఎక్కక్కర్లేదు" అన్న ఆశ అది. 3.4 దగ్గర చాలామందికి డయాలసిస్ వెంటనే అవసరం పడదని, బీపీ అదుపులో పెట్టి, నొప్పిబిళ్లలు ముట్టకుండా, తిండి డాక్టరు చెప్పినట్టు చూసుకుంటే ఆ రోజుని వెనక్కి నెట్టడానికి వీలుంటుందని చెప్పండి. పూర్తిగా నయమవుతుందని మాత్రం చెప్పకండి. అబద్ధపు ఆశ ఇచ్చేవాడు ఇప్పటికే ఒకడున్నాడు.

నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే భయం వేసింది పక్కింటి ముసలమ్మ గురించి రాసిన వాక్యం చదివినప్పుడు. చిల్లంగి నెపంతో మన ఉత్తరాంధ్రలో మనుషుల్ని కొట్టారు, చంపేశారు. అలాంటి మాట నోట్లోంచి వచ్చాక ఊళ్లో అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ మాట గడప దాటకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. ఇప్పటికే పాకి ఉంటే, ఆవిడ మీదికి ఎవరైనా వెళ్తారన్న అనుమానం వస్తే, ఆలస్యం చేయకుండా 112కి ఫోన్ చేయండి. రేపు ఆవిడ కనబడితే ఎప్పటిలాగే పలకరించండి, నలుగురి ఎదుటే.

నానుతాడు ఇవ్వకండి. పుట్టింటివాళ్లు పెట్టినా, పెళ్లిలో అత్తింటివాళ్లు పెట్టినా అది స్త్రీధనం. మీ ఇష్టం లేకుండా తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు. దాన్ని కొన్నాళ్లు మీ అమ్మగారింట్లో ఉంచితే ఇంట్లో పోరు కూడా తగ్గుతుంది.

స్వామి సంగతికొస్తే, మోసం చేసి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318 కిందికి వస్తుంది. చెప్పినట్టు చేయకపోతే దైవాగ్రహానికి గురవుతారని నమ్మించి పని చేయించుకోవడం అదే సంహితలో 354వ సెక్షను, ఏడాది వరకు జైలు. పాత ఐపీసీలో 354 ఆడవాళ్ల మీద దౌర్జన్యానికి సంబంధించినది కాబట్టి స్టేషన్‌లో తికమక పడవచ్చు, పాత ఐపీసీ 508 ఇప్పుడిదేనని చెప్పండి. కాగితంలో అతనన్న మాటలు అన్నట్టే రాయండి: ఏ రోజు, ఎంత, ఎవరి ఎదుట, బాబుకి గండమన్న మాటతో సహా. ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఒక్కటీ చెరపకండి. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తానని కరపత్రాలు వేసి ఉంటే అది కూడా జతచేయండి, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం అలాంటి ప్రకటనల్ని నిషేధించింది. స్టేషన్‌లో తీసుకోకపోతే సోమవారం శ్రీకాకుళంలో ఎస్పీ ఆఫీసు అర్జీల కార్యక్రమంలో ఇవ్వండి. ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే 15100కి ఫోన్ చేయండి. న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఆడవాళ్లకి వకీలు సాయం ఉచితం. చేతికిచ్చిన డబ్బు తిరిగి రావడం కష్టమే, ఆ ఆశ పెద్దగా పెట్టుకోకండి. ఫోన్‌పేలో వెళ్లినదానికి రుజువుంది, అడగడానికి వీలుంటుంది.

మీరు డబ్బు ఆపిన రెండుమూడు రోజుల్లో అతని దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. బాబుకి జ్వరం వచ్చిందా అని అడుగుతాడు, కల్లోకి పాము వచ్చిందా అని అడుగుతాడు. పిల్లలున్న ఇంట్లో ఏదో ఒకరోజు జ్వరం రాకపోదు. అది వచ్చేలోపే ఈ సంగతి మీ అత్తగారికి, మీ ఆయనకి చెప్పి ఉంచండి. ఫోన్ మీరే తీసి, "మా డాక్టరు మందులు వాడుతున్నాం, ఇక మాకు ఫోన్ చేయొద్దు" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. వాదించకండి, తిట్టకండి. మళ్లీ మళ్లీ చేస్తే ఆ కాల్స్ తేదీలు కూడా మీ కాగితంలో చేర్చండి. పలాస వెళ్లినప్పుడు మీరు కూడా బీపీ చూపించుకుని క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. మీరు తాగుతున్నదీ ఆ నూతి నీళ్లే.