కాలువ గట్టు మీద కనిపించింది ఎలుగా, కుక్కా?

“రాజోలు దగ్గర మా కొబ్బరితోటలో, కాలువ గట్టు మీద చీకటి పడే వేళ తీసిన ఫోటో. నల్లగా, బొచ్చుగా ఉంది. రొమ్ము మీద తెల్ల మచ్చ ఉంది, తోక పైకి లేచి ఉంది. ఎలుగేనా?”

మిమ్మల్ని తికమక పెట్టింది ఆ మచ్చే. నల్ల కుక్కల్లో చాలావాటికి రొమ్ము మీద తెల్ల మచ్చ ఉంటుంది.

1. ముందు గ్యాలరీలో ఫోటో వెలుతురు పెంచండి. లేకపోతే నల్ల బొచ్చంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది.

2. మచ్చ ఆకారం చూడండి. ఎలుగుకి మీగడ రంగులో, రెండు కొమ్మలు భుజాల వైపు చీలిన పంగలకర్రలా ఉంటుంది. కుక్కకైతే వంకరటింకర మరక, లేదా సన్నని చార. ఎలుగు తల దించితే మచ్చ అసలు కనబడదు, కాబట్టి మచ్చ లేదని ఎలుగు కాదనుకోవద్దు.

3. మూతి: ఎలుగుది పొడుగ్గా, పొట్టి వెంట్రుకలతో, పాలిపోయిన బూడిద రంగులో ఉంటుంది. బొచ్చు మెడ, భుజాల మీద జూలులా ఒత్తుగా ఉంటుంది. గోధుమ మూతి ఉన్న నల్ల కుక్కలూ ఉన్నాయి, ఇక్కడే పొరబడతారు.

4. అందరూ వదిలేసేది వెనక కాలు. కుక్క వేళ్ల మీద నడుస్తుంది, మడమ గాల్లో వెనక్కి మడిచినట్టు ఉంటుంది. ఎలుగు మనలాగే మడమ నేలకు ఆనిస్తుంది. గడ్డి అడ్డమొస్తే తోక చూడండి: ఎలుగు తోక పొట్టిది, బొచ్చులో కలిసిపోతుంది.

మీ ఫోటోలో తోక పైకి లేచిందన్నారు కదా, అది కుక్కే. ఎలుగులుండేది పాపికొండల అడవి వైపు. మడమ ఆనిన ఫోటో ఎప్పుడైనా దొరికితే మాత్రం ఇంకో ఫోటో కోసం దగ్గరికెళ్లకుండా అటవీశాఖకు చెప్పండి.