ఫాలోఅప్‌లో పాత కథ ఎంత ఉండాలి?

అమ్మాయ్, ఆశీస్సులు.

నువ్వు పంపిన గోడౌన్ అగ్నిప్రమాదం ఫాలోఅప్ చదివాను. విచారణ నివేదిక సంపాదించడం చిన్న పని కాదు, చాలా సంతోషం. కానీ ఆ నివేదికలో ఏముందో తెలియడానికి నేను ఆరో పేరా దాకా రావాల్సి వచ్చింది. పైన ఐదు పేరాల్లో ఉన్నదంతా పోయిన నెల మీ పేపర్లో వచ్చిన వార్తే. మంటలు ఎన్నింటికి మొదలయ్యాయి, ఫైరింజన్లు ఎన్ని వచ్చాయి, పరామర్శకు ఎవరెవరు వచ్చారు. జిల్లా పేజీలో చోటు చాలకపోతే డెస్క్ వాళ్లు కింద నుంచి కోస్తారు. నీ కాపీని అలా కోస్తే పాత వార్త మిగిలి, కొత్తది ఎగిరిపోతుంది.

పాతదంతా తీసెయ్యమని కాదు నేను చెప్పేది. మొదటి వార్త చదవనివాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లకి కథ అర్థం కావాలి. పాత వార్తలో ఏ రెండు ముక్కలు ఉంచాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పాత వార్తలో వెతక్కు. ఇవాళ్టి కొత్త విషయమే చెబుతుంది. సంఘటన ఒకటే అయినా, ఫాలోఅప్ మారినప్పుడల్లా బ్యాక్‌గ్రౌండ్ కూడా మారాలి.

మన విశాఖలో అందరికీ గుర్తున్న సంఘటనతోనే చూపిస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. మర్నాడు మే 8న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీని ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర డిపాజిట్ చెయ్యమంది. జులై 6న నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని హైపవర్ కమిటీ ముఖ్యమంత్రికి నివేదిక ఇచ్చింది. జులై 7న పోలీసులు కంపెనీ సీఈఓ సహా 12 మందిని అరెస్టు చేశారు. ఒక్క సంఘటనకి మూడు ఫాలోఅప్‌లు అన్నమాట.

ట్రిబ్యునల్ వార్తలో లీడ్ 50 కోట్ల ఆదేశం. చదివేవాడికి వెంటనే వచ్చే ప్రశ్న 'ఎందుకంత?' కాబట్టి బ్యాక్‌గ్రౌండ్‌గా ఎంతమంది చనిపోయారు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చాలు. లీకుకి కారణం ఆ రోజుకి ఇంకా తేలలేదు. దాన్ని ఊహించి రాయకూడదు, 'కారణాలపై విచారణ జరుగుతోంది' అని ఒక్క ముక్క చాలు.

కమిటీ నివేదిక వార్త వేరు. అక్కడ కారణమే కొత్త విషయం. లీడ్ దాదాపు ఇలా ఉంటుంది: 'ట్యాంకులో స్టైరీన్‌ను చల్లగా ఉంచే ఏర్పాట్లు సరిపోకపోవడం, భద్రతా నియమాలు పాటించకపోవడం వల్లే ఎల్జీ పాలిమర్స్ దుర్ఘటన జరిగిందని హైపవర్ కమిటీ తేల్చింది.' రెండో పేరాలో సైరన్ వాడలేదన్న విషయం. అది అక్కడి జనం ప్రాణాలకి నేరుగా సంబంధించినది కాబట్టి కిందికి పోనివ్వకూడదు. కమిటీ ఎవరిది, నివేదిక ఎవరికి ఇచ్చింది అన్నదీ అక్కడే. మూడో పేరాలో బ్యాక్‌గ్రౌండ్: 'మే 7 తెల్లవారుజామున ఈ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించారు. లాక్‌డౌన్‌లో ఆగిన ప్లాంటును తిరిగి తెరిచే సమయంలో ఇది జరిగింది.' అంతే, రెండే వాక్యాలు. రెండో వాక్యం ఎందుకు ఉంచానంటే, ట్యాంకులో సరుకు అన్నాళ్లు ఎందుకు నిలవుండిపోయిందో దానివల్లే అర్థమవుతుంది. కేజీహెచ్ ఆసుపత్రిలో పరిస్థితి, నాయకుల పరామర్శలు నిజమే అయినా, ఈ వార్తకి పని చెయ్యవు.

అరెస్టుల వార్తలో మళ్లీ మారుతుంది. ఇప్పుడు ముందురోజు వచ్చిన నివేదికే బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది. దాన్ని లీడ్‌లోనే 'హైపవర్ కమిటీ నివేదిక ఇచ్చిన మర్నాడే' అని కలిపేస్తే వేరే పేరా అక్కర్లేదు. దుర్ఘటనకి ఒక వాక్యం, మృతుల సంఖ్యతో సహా. సాంకేతిక కారణాలన్నీ మళ్లీ రాయనక్కర్లేదు, ఏ లోపానికి ఎవరిని బాధ్యులుగా చూపిస్తున్నారో ఆ ఒక్కటి చాలు. అరెస్టయినంత మాత్రాన నేరం రుజువైనట్టు వాక్యం ధ్వనించకుండా చూసుకో.

ఇప్పుడు అందరూ దెబ్బతినే చోటు చెబుతాను. పాత ఫైలు తెరిచి, బ్యాక్‌గ్రౌండ్ పేరాని కాపీ చేసి అతికించడం. లీకైన రోజు మృతులు 11 అని వచ్చింది, తర్వాత 12 అయ్యింది. మొదటి రోజు పేరానే అతికిస్తూ పోతే వారం తర్వాత కూడా పేపర్లో 11 అనే పడుతుంది. పైన లీడ్‌లో 12, కింద బ్యాక్‌గ్రౌండ్‌లో 11 కనిపిస్తే పాఠకుడికి రెండింటి మీదా నమ్మకం పోతుంది. సంఖ్య మారిన రోజు 'మృతుల సంఖ్య 12కి చేరింది' అని స్పష్టంగా రాయి. ఆ తర్వాత కొత్త సంఖ్య ఒక్కటే. 'నిన్న', 'గత శుక్రవారం' లాంటివి కూడా పాత పేరాతో పాటు వచ్చేస్తాయి, వాటి స్థానంలో తేదీ పెట్టు. నా మాట విను, బ్యాక్‌గ్రౌండ్‌ని ప్రతిసారీ చేత్తో కొత్తగా రాయి. రెండు వాక్యాలకి పట్టే టైమెంత?

పాత వార్తని కాస్త వివరంగానే చెప్పాల్సిన సందర్భం ఒకటుంది. కొత్త విషయం పాతదాన్ని కాదన్నప్పుడు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కాలిపోయినప్పుడు మొదట ఒకరి మీద అనుమానం నడిచింది. తర్వాత పోలీసులు సిగరెట్ నిప్పే కారణమని, బాధ్యులు వేరేవాళ్లని చెప్పారు. అలాంటప్పుడు కొత్త కారణం రాసేసి ఊరుకుంటే సరిపోదు. మొదట ఏమనుకున్నారు, ఇప్పుడు అది ఎందుకు నిలబడలేదు అన్నది పైపేరాల్లోనే ఉండాలి. మొదటి వార్త మాత్రమే చదివినవాడి మనసులో ఆ పాత అనుమానం ఇంకా అలాగే ఉంటుంది. అది ఒక మనిషి పరువుకి సంబంధించిన సంగతి.

కేసు నెలల తరబడి సాగి, నిజంగానే తేదీల వరస కావలసి వస్తే దాన్ని కాపీలో ఇరికించకు. పక్కన చిన్న బాక్స్ అడుగు. నాలుగైదు లైన్లు, తేదీ, ఏం జరిగింది, అంతే.

కాపీ పూర్తయ్యాక ఇలా సరిచూసుకో. బ్యాక్‌గ్రౌండ్ పేరాని వేలితో మూసి చదువు. కొత్త విషయం అప్పటికీ నిలబడాలి. తర్వాత వేలు తీసి, ఈ సంఘటన గురించి ఏమీ తెలియనివాళ్లకి, మీ ఇంట్లోవాళ్లకైనా సరే, వినిపించు. 'ఏ గోడౌన్? ఎప్పుడు?' అని అడిగితే ఏదో తగ్గింది. 'ఇది ముందే చెప్పావుగా' అంటే ఎక్కువైంది.

నీ కాపీ విషయానికి వస్తే, ఆరో పేరాలో ఉన్న 'అగ్నిమాపక అనుమతి గడువు ముగిసినా గోడౌన్ నడిపారు' అన్న వాక్యాన్ని లీడ్ చెయ్యి. ఆ నివేదిక ఎవరిదో రెండో పేరాలో రావాలి. పాత ఐదు పేరాలూ రెండు వాక్యాలకి దిగాలి, వాటిలో ఒకటి కాలిపోయిన సరుకు ఎవరిదన్నది, ఎందుకంటే ఇప్పుడు నష్టపరిహారం అడగబోయేది వాళ్లే. చివరి పేరాలో నివేదిక మీద చర్య తీసుకోవాల్సింది ఎవరు, ఎప్పటిలోగా అన్నది రాయి. ఆ గడువు నీ డైరీలో కూడా రాసుకో, తర్వాతి ఫాలోఅప్ అక్కడి నుంచే మొదలవుతుంది. తిరగరాసి డెస్క్‌కి ఇచ్చే ముందు వీలుంటే ఒకసారి నాకు పంపమ్మా.