డీబీ స్లో అయినప్పుడు రీట్రైలు ఎలా పెట్టాలి?

ప్రశ్న: మా సర్వీస్‌లో డీబీ కాల్ ఫెయిలైతే వెంటనే మూడుసార్లు రీట్రై చేస్తున్నాం. మొన్న డీబీ కాసేపు స్లో అయింది. కారణం తీసేశాక కూడా చాలాసేపు కోలుకోలేదు. ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ పెడితే సరిపోతుందా, జిట్టర్ కూడా కావాలా?

జవాబు: జిట్టర్ కావాలండీ. కానీ బ్యాకాఫ్, జిట్టర్ రెండూ పెట్టినా మీ సమస్య సగమే తీరుతుంది. మొత్తం రీట్రైలకు ఒక హద్దు కూడా ఉండాలి.

మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో అచ్చం ఇలాగే జరిగింది. రద్దీ వేళ పోస్ట్‌గ్రెస్ మీద ఒక పెద్ద రిపోర్ట్ క్వెరీ నడిచి డీబీ నెమ్మదించింది. రిపోర్ట్ ఆపేశాం, అయినా సీపీయూ దిగలేదు. యూజర్ల రిక్వెస్టుల గ్రాఫ్ మామూలుగానే ఉంది, డీబీకి వెళ్లే క్వెరీల గ్రాఫ్ మాత్రం దానికి కొన్ని రెట్లు పైన ఉంది. మేం ప్రతి క్వెరీకి రిక్వెస్ట్ ఐడీని కామెంట్‌గా తగిలించేవాళ్లం. `pg_stat_activity` తెరిచి చూస్తే ఒకే ఐడీతో ఒకే SELECT నాలుగు వరుసల్లో కనబడింది, నాలుగూ `active`.

అలా ఎందుకంటే, టైమౌట్ అయ్యింది యాప్‌కి, పోస్ట్‌గ్రెస్‌కి కాదు. చాలా యాప్‌లు టైమౌట్ కాగానే కనెక్షన్ మూసేసి వెళ్లిపోతాయి. సర్వర్ మాత్రం ఫలితం పంపబోయేదాకా సాధారణంగా ఆ సంగతి గమనించదు. తీసుకునేవాళ్లు లేని క్వెరీని చివరిదాకా నడుపుతూనే ఉంటుంది. ఈలోగా రీట్రై అదే పనిని మళ్లీ తెచ్చి నెత్తిన పెడుతుంది.

లెక్కేసి చూద్దాం. డీబీ సెకనుకు 1,000 క్వెరీలు మోయగలదు, మామూలుగా వచ్చేవి 600 అనుకోండి. డీబీ నెమ్మదించి అన్నీ టైమౌట్ అవడం మొదలైతే ప్రతి రిక్వెస్టూ ఒక అసలు ప్రయత్నం, మూడు రీట్రైలు కలిపి నాలుగుసార్లు వస్తుంది. అంటే సెకనుకు 2,400. ఇప్పుడు అసలు కారణం పోయి డీబీకి పూర్తి బలం వచ్చినా 2,400 ముందు 1,000 చాలదు. క్యూ పెరుగుతుంది, మళ్లీ టైమౌట్లు, మళ్లీ రీట్రైలు. మీ డీబీ కోలుకోకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

ఇక బ్యాకాఫ్ సంగతి. 1, 2, 4 సెకన్లు ఆగమంటే, ఒకే క్షణంలో ఫెయిలైనవన్నీ ఒకే క్షణంలో తిరిగొస్తాయి. డీబీ ఫెయిలోవర్ అయి కనెక్షన్లన్నీ ఒక్కసారే తెగినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. గ్రాఫ్‌లో 1వ సెకను దగ్గర ఒక శిఖరం, 3వ సెకను దగ్గర ఇంకొకటి, 7 దగ్గర మరొకటి. జిట్టర్ అంటే సున్నా నుంచి ఆ 1, 2 లేదా 4 సెకన్ల దాకా ఏదో ఒక యాదృచ్ఛిక సమయం ఆగడం. దాంతో శిఖరాలు పరుచుకుపోతాయి.

2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను దశలవారీగా లాగౌట్ అవ్వమన్నారు, గుర్తుందా? జిట్టర్ చేసేది అదే. అయితే దానివల్ల రోడ్డెక్కే కార్ల సంఖ్య తగ్గదు. ఇక్కడా అంతే. కొత్త యూజర్లు సెకనుకు 600 చొప్పున వస్తూనే ఉంటారు. కొన్ని సెకన్లకు పాత రీట్రైలు వాళ్లతో కలుస్తాయి, లెక్క మళ్లీ 2,400కే చేరుతుంది.

అందుకే రీట్రై బడ్జెట్ కావాలి. ప్రతి కొత్త రిక్వెస్టుకు 0.1 టోకెన్ జమ, ప్రతి రీట్రైకి 1 టోకెన్ ఖర్చు. జమకు ఒక చిన్న గరిష్ఠ పరిమితి పెట్టాలి, లేకపోతే మంచి రోజుల్లో కూడబెట్టినదంతా చెడ్డ రోజున ఒక్కసారే ఖర్చవుతుంది. జమ అయిపోతే ఆగకుండా ఎర్రర్ ఇచ్చేయాలి.

```python
def call(fn):
    budget.add(0.1)
    for n in range(4):
        try:
            return fn()
        except TransientError:
            if n == 3 or not budget.take(1):
                raise
            time.sleep(random.uniform(0, 2**n))
```

ఇలా చేస్తే, దాచుకున్న ఆ కాస్త జమ అయిపోయాక, ఎంత చెడ్డ సమయంలోనైనా లోడ్ సుమారు 660 దాటదు. డీబీ 1,000 మోయగలదు కాబట్టి తనంతట తనే తేరుకుంటుంది. కొంతమంది యూజర్లకు ఎర్రర్ కనబడుతుంది, నిజమే. కానీ అందరికీ అరగంట ఎర్రర్ రావడం కన్నా అది చాలా నయం.

దీంతోపాటు `statement_timeout`ని యాప్ టైమౌట్ కన్నా కొంచెం తక్కువకు పెట్టండి, వదిలేసిన క్వెరీలు డీబీలోనే ఆగిపోతాయి. గేట్‌వే, సర్వీస్, డీబీ లైబ్రరీ మూడూ విడివిడిగా రీట్రై చేస్తున్నాయేమో కూడా చూడండి. ఒక్కోటి నాలుగుసార్లు ప్రయత్నిస్తే 4 × 4 × 4, అంటే ఒక్క క్లిక్కుకు 64 క్వెరీలు. డీబీకి దగ్గరగా ఉన్న ఒక్క చోట ఉంచి మిగతావి తీసేయండి.

ఏ ఎర్రర్ పడితే ఆ ఎర్రర్‌కి రీట్రై చేయొద్దు. డెడ్‌లాక్ (`40P01`), సీరియలైజేషన్ ఫెయిల్యూర్ (`40001`) అయితే మొత్తం ట్రాన్సాక్షన్‌ని మొదటినుంచి నడపొచ్చు. కానీ ఒక INSERT టైమౌట్ అయితే అది కమిట్ అయిందో లేదో యాప్‌కి తెలియదు. ఆర్డర్ ఐడీ మీద యునీక్ కన్‌స్ట్రెయింట్ లేకుండా అక్కడ రీట్రై పెడితే ఒకే కస్టమర్‌కి రెండు ఆర్డర్లు పడొచ్చు.