స్టీలు గ్లాసే ఎక్కువ హాని అని వస్తోంది

“హనుమకొండలో మా కళాశాల క్యాంటీన్ టీకి కాగితం కప్పు, ప్లాస్టిక్ కప్పు, స్టీలు గ్లాసుల జీవితచక్ర ప్రభావం, అంటే తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణానికి జరిగే హాని, లెక్కిస్తున్నాను. స్టీలు గ్లాసే ఎక్కువ హాని అని వస్తోంది. తప్పెక్కడ?”

మీరు ఒక కప్పును ఒక గ్లాసుతో పోల్చి ఉంటారు. పోల్చవలసింది వస్తువును కాదు, అది చేసే పనిని.

1. ‘1000 సార్లు టీ అందించడం’ అన్నది కొలమానంగా పెట్టండి. కప్పులైతే వెయ్యి కావాలి. గ్లాసు పోయేలోగా 500 సార్లు వాడితే, రెండు గ్లాసుల బరువు చాలు.

2. చాలామంది వదిలేసేది కడగడం. గ్లాసుకు 200 మిల్లీలీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేస్తే, వెయ్యి సార్లకు దాదాపు 8 యూనిట్ల కరెంటు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 5.7 కిలోలు. రెండు గ్లాసుల తయారీ దీనిముందు చాలా చిన్నది. చన్నీళ్లతో కడిగితే ఈ భారం పోతుంది; నీటి ఖర్చు, సబ్బు మిగులుతాయి. అందుకే ఒక పూట అక్కడే నిలబడి, బకెట్లు లెక్కపెట్టి, నీటి వేడి కొలవండి.

3. కాగితం కప్పు లోపలి ప్లాస్టిక్ పూతను విడిగా నమోదు చేయండి.